చేపల పులుసులో కేలరీలు లెక్కగట్టడం ఎలా?

మేళ్లచెరువు చుట్టుపక్కల చేపకు కొదవ లేదు. ఒకవైపు కృష్ణ, పులిచింతల వెనుక జలాలు. మరోవైపు సాగర్ ఎడమ కాలువ నీళ్లతో నిండే చెరువులు. కోదాడ బజారుకు వెళ్లినా మిర్యాలగూడ బజారుకు వెళ్లినా బుట్టల్లో ఎక్కువగా కనిపించేవి రవ్వ, బొచ్చె. డబ్బులున్న రోజున కొర్రమీను. మృగశిర కార్తె నాడైతే చెప్పనక్కర్లేదు, ఏ ఇంట చూసినా పులుసు వాసనే.

ఆ పులుసులో కేలరీలు ఎన్ని అని అడిగితే చాలామంది చేప పేరు చెప్పి ఊరుకుంటారు. చేప ఒక్కటే చెబితే సగం లెక్క కూడా రాదు. ఇది రెండు రాష్ట్రాల సరిహద్దు ఊరు కనుక వంట కూడా రెండు తీర్లు. ఒకరింట్లో ఎండు కొబ్బరి, ధనియాలు నూరి చిక్కగా చేస్తారు. పక్కింట్లో కొబ్బరి ఊసే లేకుండా చింతపండు, కారం, పైన వేలెడు మందాన నూనె. చేప అదే, గిన్నె అంతే, కేలరీలు మాత్రం వేరు. కాబట్టి మనం ఇవాళ ఒక గిన్నెడు పులుసు పొయ్యి మీద పెట్టి, పక్కనే తూకం పెట్టుకుని, లెక్క మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. వంట వచ్చి ఉంటే చాలు. కూడికలు, గుణకారాలు ఫోన్ చూసుకుంటుంది.

కావలసినవి

పులుసుకు:

- రవ్వ చేప ఒకటి, కిలో 200 గ్రాములు
- పల్లీ నూనె
- ఉల్లిగడ్డలు 200 గ్రాములు
- చింతపండు 40 గ్రాములు
- ఎండు కొబ్బరి 30 గ్రాములు
- అల్లం వెల్లుల్లి ముద్ద 30 గ్రాములు
- కారం, ధనియాలు, జీలకర్ర, మెంతులు అన్నీ కలిపి 30 గ్రాములు
- ఉప్పు, పసుపు, కరివేపాకు, కొత్తిమీర (వీటిని లెక్కలోకి తీసుకోం)

లెక్కకు:

- వంటింట్లో వాడే డిజిటల్ తూకం మిషన్. గ్రాము తేడా చూపేదైతే మంచిది, గిన్నెతో పాటు మూడు కిలోలైనా మోయగలగాలి.
- పెన్ను, కాగితం. ఫోన్‌లో రాసుకుందామనుకోకండి, చేతికి పసుపూ కారమూ అంటుకుని ఉంటాయి.
- ఎముకలు వేసుకోవడానికి ఒక ఖాళీ గిన్నె.

ఇక అంకెలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ మన తిండి పదార్థాల్లో ఏది ఎంత శక్తినిస్తుందో పట్టికలు వేసింది. మనకు కావలసినవి అందులో నాలుగైదే. 100 గ్రాముల పచ్చి చేప కండకు రవ్వ అయితే 97 కేలరీలు, బొచ్చె 111, కొర్రమీను 94. గోదావరి పులస అయితే 273. ఏ నూనె అయినా 100 గ్రాములకు 900. ఎండు కొబ్బరి 100 గ్రాములకు సుమారు 660. ఈ అంకెలను కాగితం పైన మూలన రాసిపెట్టుకోండి. పట్టికకూ పట్టికకూ కొంత తేడా ఉంటుంది. చేప పెరిగిన చెరువును బట్టి, తిన్న మేతను బట్టి కూడా మారుతుంది. అందుకని మన లెక్కలో చివరి అంకెను పట్టించుకోకుండా పదులకు సరిచేసుకుంటూ పోదాం.

పద్ధతి

1. ఖాళీ గిన్నెను తూచండి. అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇదే, అన్నిటికన్నా ఎక్కువగా మరిచిపోయేదీ ఇదే. పులుసు వండాక గిన్నె బరువు తెలుసుకోవాలంటే పులుసంతా వేరే దాంట్లోకి ఒంపాలి, ముక్కలన్నీ చిదురుతాయి. మన గిన్నె 900 గ్రాములు ఉందనుకుందాం. కాగితం మీద రాయండి. మూత బరువు కలపొద్దు.

2. చేపను శుభ్రం చేయించాకే తూచండి. బజారులో తూచింది నిండు చేప. పొలుసు, మొప్పలు, పేగులు, రెక్కలు పోయాక కిలో 200 గ్రాముల రవ్వలో తలకాయతో కలిపి 800 గ్రాముల ముక్కలు మిగిలాయి. కడిగి, నీళ్లు పూర్తిగా ఓడ్చాకే తూకం మీద పెట్టండి. తడి ముక్కల మధ్య 40, 50 గ్రాముల నీళ్లు దాగి ఉంటాయి.

ఇక్కడ ఒక మాట. పెద్ద బొచ్చెను కోసినప్పుడు పేగుల చుట్టూ తెల్లటి కొవ్వు కనిపిస్తుంది. తవుడు, చెక్క తిని చెరువులో బాగా బలిసిన చేపలో ఇది ఎక్కువ. కోసేవాళ్లు మామూలుగా తీసి పారేస్తారు. రుచిగా ఉంటుందని ఉంచమని అడిగేవాళ్లూ ఉన్నారు. మీరూ ఉంచుకునేటట్లయితే దాన్ని విడిగా తూచి, చేప లెక్కలో కాకుండా నూనె లెక్కలో వేయండి. అది దాదాపు నూనెతో సమానం.

3. నూనెను సీసాతో సహా తూచండి. నూనెను గంటెతో కొలవకండి, ఏ ఇంటి గంటె ఆ ఇంటిదే. పోసే ముందు సీసాను తూకం మీద పెట్టి అంకె రాయండి. పోపుకు పోయండి, ఉల్లిగడ్డ అంటుకుంటోందని మధ్యలో మళ్లీ పోస్తే పోయండి, దించే ముందు పైన ఇంకాస్త వేసే అలవాటుంటే అదీ వేయండి. అంతా అయ్యాక సీసాను మళ్లీ తూచండి. తగ్గినదే మనం వాడిన నూనె. మన గిన్నెలో అది 90 గ్రాములు అయింది. కిలో చేపకు వంద మిల్లీలీటర్ల నూనె అంటే మన వైపు ఎవరూ ఎక్కువ అనుకోరు.

గ్రాములు, మిల్లీలీటర్లు ఒకటి కావని గుర్తుంచుకోండి. లీటరు నూనె సుమారు 910 గ్రాములే తూగుతుంది. లీటరు ప్యాకెట్‌లా కనిపిస్తూ అంతకన్నా తక్కువ తూగేవి కూడా దుకాణాల్లో ఉన్నాయి. "ప్యాకెట్‌లో పదో వంతు పోశాను" అని అంచనా కట్టేవాళ్లు ముందు ప్యాకెట్ మీద తూకం చదవాలి.

4. కొబ్బరిని నూరకముందే తూచండి. నూరిన ముద్దలో నీళ్లు, ధనియాలు, వెల్లుల్లి కలిసిపోతాయి, ఆ తర్వాత వేరుచేయలేం. ఎండు కొబ్బరి చిప్పలో ముక్క తరిగి 30 గ్రాములు తూచుకున్నాం. వేయించినా అందులోని నూనె ఎక్కడికీ పోదు, లెక్క మారదు. ఉల్లిగడ్డ, చింతపండు, అల్లం వెల్లుల్లి, పొడులు కూడా ఒక్కసారి తూచుకుంటే సరి. వీటిలో అయిదూ పది గ్రాముల తేడా వచ్చినా కంగారు పడక్కర్లేదు. నూనెలో అదే పది గ్రాములు తేడా వస్తే 90 కేలరీలు తప్పినట్టే. మన జాగ్రత్తంతా నూనె, కొబ్బరి దగ్గరే ఖర్చు పెడదాం.

5. మామూలుగా వండండి. లెక్క కోసం వంట మార్చుకోవద్దు. నూనె కాగాక మెంతులు, కరివేపాకు, ఉల్లిగడ్డ ముద్ద వేయండి. పచ్చి వాసన పోయి అంచుల్లో నూనె తేలాక అల్లం వెల్లుల్లి, కారం, పసుపు, ఆ తర్వాత నూరిన మసాలా, చింతపండు రసం. పులుసు తెర్లాక ముక్కలు జారవిడిచి, గంటె పెట్టకుండా గిన్నెనే అటూ ఇటూ తిప్పండి. పావుగంటలో చేప ఉడుకుతుంది. దించి అరగంట ఆగండి. ముక్క గట్టిపడుతుంది, తూచేటప్పుడు విరగదు.

6. దించిన గిన్నెను తూచండి. గిన్నెతో కలిపి 2,580 గ్రాములు వచ్చింది. గిన్నె 900 తీసేస్తే పులుసు, ముక్కలు కలిపి 1,680 గ్రాములు. వేడి గిన్నెను నేరుగా మిషన్ మీద పెట్టకండి, లోపలి భాగం పాడవుతుంది. కింద చెక్క పలకో మడిచిన గుడ్డో వేసి, ముందుగా దాంతో సున్నా చేసుకోండి.

ఇప్పుడు అట్లకాడతో ముక్కల్ని మెల్లగా వెడల్పు పళ్లెంలోకి తీసి తూచండి. 680 గ్రాములు. పచ్చిగా ఉన్నప్పుడు 800, ఇప్పుడు 680. మిగతాది చేప వదిలిన నీరు, పులుసులో కలిసింది. అంటే ఉత్త పులుసు 1,000 గ్రాములు. ముక్కల్ని మళ్లీ గిన్నెలోకి జార్చేయండి.

7. ఎముకల్ని తీసేయండి. తిన్నాక ఎముకలన్నీ ఒక గిన్నెలో వేయమని ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. నవ్వుతారు, నవ్వనీయండి. అన్నీ పోగేసి తూస్తే తలకాయ ఎముకతో కలిపి 200 గ్రాములు వచ్చాయి. 800లో 200 పోతే తినే కండ 600 గ్రాములు. ఇలా ఒక్కసారి చేస్తే చాలు. వచ్చేసారి నుంచి రవ్వకు ముక్కల బరువులో నాలుగో వంతు ఎముక అని తీసేయొచ్చు. కొర్రమీనులో ముళ్లు తక్కువ, దానికి విడిగా ఒకసారి చూసుకోవాలి.

8. ఇప్పుడు కూడండి.

- రవ్వ కండ 600 గ్రాములు: 580
- పల్లీ నూనె 90 గ్రాములు: 810
- ఎండు కొబ్బరి 30 గ్రాములు: 200
- ఉల్లిగడ్డ: 100
- చింతపండు: 90
- పొడులు: 90
- అల్లం వెల్లుల్లి: 30

మొత్తం 1,900 కేలరీలు. పేరుకు ఇది చేపల పులుసు. లెక్కలో మాత్రం చేప వాటా మూడో వంతు కూడా లేదు. నూనె, కొబ్బరి కలిస్తే 1,010, అంటే సగానికి పైనే.

9. ముక్కకూ గంటెకూ విడగొట్టండి. ఈ మెట్టు చాలామంది వదిలేస్తారు. మొత్తాన్ని ఆరుగురికి పంచి తలా 320 అని చెప్పి ముగిస్తారు. కానీ మనింట్లో ఎవరూ అలా సమానంగా తినరు. ఒకరికి ముక్కలు కావాలి, ఒకరికి పులుసు కావాలి.

చేప మొత్తం 580 కదా, తలకాయ రెండు చెక్కలు, తోకతో కలిపి పన్నెండు ముక్కలు వచ్చాయి. ముక్కకు సగటున 50 కంటే తక్కువే. పులుసులో మిగిలినవి 1,320 కేలరీలు, బరువు 1,000 గ్రాములు. మనింటి గంటెతో ఒకసారి పులుసు తీసి తూస్తే 60 గ్రాములు వచ్చింది, అంటే గంటెకు 80 కేలరీలు. ముక్క కొంత నూనె పీల్చుకుంటుంది కాబట్టి ముక్క లెక్క కాస్త పెరిగి గంటె లెక్క కాస్త తగ్గుతుంది. అయినా తారుమారు కాదు. రెండు ముక్కలు, రెండు గంటెలు వేసుకుంటే సుమారు 260. "నాకు ముక్క వద్దు, పులుసు చాలు" అని నాలుగు గంటెలు పోసుకున్నవాళ్లకు 320. ముక్కలు తిన్నవాళ్ల కన్నా వీళ్లకే ఎక్కువ వచ్చింది, మాంసకృత్తులేమో దాదాపు లేవు.

ఇంకా, ఆ పులుసు ఊరికే తాగం కదా. నాలుగు గంటెల పులుసుకు 300 గ్రాముల అన్నం ఇట్టే కలిసిపోతుంది. అన్నం వంద గ్రాములకు 130, మొత్తం 390. దాన్ని పులుసు ఖాతాలో కలపకండి, పక్కన వేరే గీత గీసి రాసుకోండి.

చేప మారిస్తే

ఒక గిన్నె లెక్క చేతిలో ఉంటే మిగతావి కాగితం మీదే మార్చి చూసుకోవచ్చు. పులుసు అలాగే ఉంచి చేప ఒక్కటే మారుద్దాం.

రవ్వ బదులు కొర్రమీను వేస్తే 600 గ్రాముల కండకు 560. తేడా 20. తెలంగాణ రాష్ట్ర చేప అని, ఒంటికి మంచిదని ఎంత ధరైనా పెట్టి కొంటాం. రుచికి, ముళ్ల బాధ లేనందుకు ఆ ధర ఇవ్వొచ్చు. కేలరీలు తగ్గుతాయని మాత్రం ఇవ్వొద్దు. బొచ్చె అయితే 670, రవ్వ కన్నా 90 ఎక్కువ. అంటే మన చెరువుల్లో దొరికే ఈ మూడూ కొవ్వు తక్కువ చేపలే. వీటిలో దేన్ని ఎంచుకున్నా గిన్నె మొత్తం మీద వంద కేలరీలు అటూ ఇటూ.

అసలు తేడా కొవ్వు చేప దగ్గర వస్తుంది. వర్షాకాలంలో గోదావరికి ఎదురీదే పులస దీనికి పెద్ద ఉదాహరణ. మేళ్లచెరువులో అది దొరకడం అరుదే, ఎవరైనా రాజమండ్రి వైపు నుంచి తెస్తే తప్ప. అదే 600 గ్రాముల కండకు పులసలో 1,640 కేలరీలు. రవ్వ కన్నా 1,060 ఎక్కువ. మనం పోసిన మొత్తం నూనెకన్నా ఇది పెద్ద అంకె. పులస కండలో కొవ్వే వందకు 19 గ్రాముల దాకా ఉంటుంది, రవ్వలో ఒకటిన్నర.

కానీ ఇందులో ఒక వెసులుబాటు ఉంది. పులస ఉడుకుతుంటే దాని నూనె అదే పులుసులోకి దిగుతుంది. రవ్వకు పోసినట్టు 90 గ్రాములు పోయాల్సిన పని లేదు. ఉల్లిగడ్డ వేగేందుకు 30 గ్రాములు చాలు. అప్పుడు పులుసు 780, చేప 1,640, మొత్తం 2,420. నూనె తగ్గించకపోతే 2,960 అయ్యేది. కొవ్వు చేపకు కూడా చేతి అలవాటుగా అంతే నూనె పోయడం వల్ల పోగయ్యేవి ఆ 540.

ఐసు పెట్టెల్లో వచ్చే సముద్రపు చేపల్లో కవళ్లు, కానాగంతలు ఈ కొవ్వు జాతివే. వీటికి ఒకే అంకె రాసుకుంటే తప్పవుతుంది. నూనె కవళ్ల కొవ్వు నెలనుబట్టి బాగా మారుతుంది, గుడ్లు పెట్టాక చిక్కిపోతాయి. కంటితో పోల్చుకోవాలంటే పొట్ట దగ్గర కోసి చూడండి, చర్మం కింద తెల్లని పొర మందంగా ఉంటే కొవ్వెక్కిన చేప. ఇంకో గుర్తు కూడా ఉంది. నూనె లేకుండా ఉప్పు నీళ్లలో ఒక ముక్క ఉడకబెట్టండి. పైన పసుపుపచ్చని చుక్కలు తేలితే 100 గ్రాములకు 200 చొప్పున వేసుకోండి, తేలకపోతే 100 చొప్పున. ఇంటి లెక్కకు ఇది సరిపోతుంది.

కేలరీలు ఎక్కువని కవళ్లను పక్కన పెట్టాలని కాదు. ఆ చేప కొవ్వులో గుండెకు మేలు చేసే ఒమేగా-3 ఉంటుంది, మన సీసా నూనెలో ఆ రకం ఉండదు. కొవ్వు చేప వండిన రోజున సీసా తక్కువ వంచండి, అంతే.

పులుసు మారిస్తే

ఇప్పుడు రవ్వను కదపకుండా పులుసును మారుద్దాం. చేప 580, ఉల్లి, చింతపండు, పొడులు, అల్లం వెల్లుల్లి కలిపి 310. ఈ 890 ఎక్కడికీ పోవు. మారేది నూనె, కొబ్బరి మాత్రమే.

కొబ్బరి లేని చింతపండు పులుసు, నూనె 90 గ్రాములు: 1,700.

అదే చింతపండు పులుసు, నూనె 40 గ్రాములు: 1,250.

ఎండు కొబ్బరి 80 గ్రాములు నూరి చిక్కగా చేసినది, నూనె 90 గ్రాములు: 2,230.

ఎండు కొబ్బరి 80 గ్రాములు, నూనె 40 గ్రాములు: 1,780.

ఒకే చేప, ఒకే గిన్నె. కిందినుంచి పైదాకా దాదాపు వెయ్యి కేలరీల తేడా. కొబ్బరి వేసిన పులుసు ఎప్పుడూ బరువనీ, చింతపండు పులుసు ఎప్పుడూ తేలికనీ అనుకుంటాం కదా, మొదటి వరుసనూ చివరి వరుసనూ పక్కపక్కన పెట్టి చూడండి. నూనె తగ్గించి కొబ్బరి దండిగా వేసినదీ, కొబ్బరి లేకుండా నూనె దండిగా పోసినదీ 80 కేలరీల తేడాతో ఒకే దగ్గర నిలిచాయి. రెండూ దండిగా వేస్తేనే ముప్పు. పండక్కి, చుట్టాలొచ్చినప్పుడు మనం చేసేది సరిగ్గా అదే.

నూనె 40 గ్రాములకు తగ్గిస్తే ఉల్లిగడ్డ మాడుతుందని భయం. అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె పెట్టండి. ఉల్లిగడ్డ ముద్దలో ముందే ఉప్పు వేయండి, నీరు వదులుతుంది. అంటుకోబోతుంటే నూనె సీసా అందుకోకుండా రెండు చెంచాల వేడి నీళ్లు చల్లండి. సమయం పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ముద్ద గిన్నె అడుగును వదిలి ఒక్క ఉండగా తిరుగుతూ, అంచున సన్నగా నూనె మెరిస్తే వేగినట్టు. ఆ గుర్తు రాకముందే చింతపండు రసం పోస్తే పులుసు పచ్చి వాసన వస్తుంది. అప్పుడు నింద నూనె తగ్గించినదాని మీద పడుతుంది గానీ తప్పు తొందరది.

కొబ్బరి పాలతో చేసేవాళ్లకు ఒక చిక్కు. చిక్కటి పాలు 100 గ్రాములకు 230 కేలరీలని ఒక చోట, 400 దాటి ఇంకో చోట కనిపిస్తాయి. రెండూ అబద్ధం కావు, పిండేటప్పుడు ఎంత నీళ్లు కలిపామన్నదే తేడా. అందుకని పాలను తూచకండి. పిండే ముందు పచ్చి కొబ్బరి తురుమును తూచి, 100 గ్రాములకు 400 చొప్పున వేసుకోండి. పాలలోకి అంతకన్నా ఎక్కువ వచ్చే వీల్లేదు. కొంత పిప్పిలో మిగిలిపోతుంది కాబట్టి నిజం ఆ అంకెకు కిందే ఉంటుంది.

పొరపాట్లు

పచ్చి కొబ్బరి అంకెను ఎండు కొబ్బరికి వేయడం. పచ్చి కొబ్బరి సగం దాకా నీరే. ఎండితే నీరు పోయి అదే బరువులో నూనె పెరుగుతుంది. 80 గ్రాముల ఎండు కొబ్బరికి పచ్చిదాని అంకె వేస్తే 200 కేలరీలు మాయమైపోతాయి.

వండిన చేపకు పచ్చి చేప అంకె వేయడం. 680 గ్రాముల ఉడికిన ముక్కలను 97తో గుణిస్తే ఎముక కూడా చేపైపోతుంది. ఎముక తీశాక ఉడికిన కండను గుణిస్తే, పోయిన నీటి మేర తక్కువ చూపిస్తుంది. మనం రాసుకున్న అంకెలు పచ్చి కండకు. తూకం కూడా పచ్చిగా ఉన్నప్పుడే.

వేయించి పులుసులో వేసినప్పుడు ఒక్కసారే తూచడం. ముక్కల్ని ముందు నూనెలో వేయించే అలవాటుంటే బాణలిని నూనెతో సహా ముందొకసారి, వేయించాక చల్లారనిచ్చి మళ్లీ ఒకసారి తూచండి. తగ్గినది ముక్కలు పీల్చినది. అడుగున మిగిలిన నూనెలోనే పోపు వేస్తే మాత్రం ఈ తీసివేత వద్దు, బాణలిలో పోసిన నూనె మొత్తం లెక్కలోకి వచ్చేస్తుంది.

కలపకుండా వడ్డించి సమానమనుకోవడం. నూనె పైకి తేలుతుంది. ముందు వడ్డించుకున్నవాళ్ల గంటెలోకి ఎర్రటి తేట ఎక్కువ పడుతుంది, చివరివాళ్లకు అడుగు చిక్కదనం. గిన్నెను ఒకసారి గుండ్రంగా తిప్పి వడ్డిస్తే గంటెకు 80 అన్న మాట అందరికీ వర్తిస్తుంది. ఎవరికైనా తగ్గించాలనుకుంటే చల్లారాక పైన తేలిన నూనెను చెంచాతో తీసి తూచండి. 20 గ్రాములు తీసినా 180 కేలరీలు పక్కకు పోయాయి. రుచి కొంత పోతుందన్నది నిజమే, కారం ఘాటు ఆ నూనెలోనే ఉంటుంది.

నిన్నటి పులుసుకు నిన్నటి అంకె వేయడం. తెల్లారి పులుసు మరింత రుచి, అందరికీ తెలుసు. కానీ వేడి చేసిన ప్రతిసారీ నీరు ఆవిరవుతుంది, నూనె, కొబ్బరి అలాగే ఉంటాయి. 500 గ్రాముల పులుసు మిగిలి, మరిగి 400కు వచ్చిందంటే గంటెకు 80 ఉన్నది 100 అవుతుంది. గిన్నె ఖాళీ బరువు రాసిపెట్టుకున్నారు కనుక మళ్లీ తూకం మీద పెట్టడం అరనిమిషం పని. లేదంటే తగ్గినన్ని వేడి నీళ్లు పోసి ఒక పొంగు రానిచ్చి దించండి, పాత అంకెకు తిరిగొస్తుంది. ఉప్పు కూడా సరిపోతుంది.